సానెట్‌లో మలుపు: చివరి రెండు పాదాల పని

సానెట్‌కు పదునాలుగు పాదాలని, ఆ పాదాల నడుమ ఎక్కడో ఒకచోట భావం దిశ మార్చుకుంటుందని సాహిత్య విద్యార్థులందరూ ఎరుగుదురు. ఆ మార్పును ఇటాలియన్ భాషలో ‘వోల్టా’ అంటారు. తెలుగులో ‘మలుపు’ అన్న మాట దానికి సరిపోతుంది. అయితే మలుపు ఉన్నదని తెలియడం వేరు, ఒక పద్యంలో అది ఎక్కడున్నదో కనుగొనడం వేరు. పాదాలు లెక్కపెట్టి తొమ్మిదవ పాదం దగ్గర వేలు పెట్టేవారు కొందరు, చివరి రెండు పాదాలను సుభాషితం వలె విడదీసి చదివేవారు మరికొందరు. ఈ రెండు అలవాట్ల వల్లనూ పద్యం చెప్పిన మాట ఒకటి, పాఠకునికి అందే మాట మరొకటి అవుతున్నది. అనువాదకుని విషయంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. మలుపును తప్పుగా గుర్తించినవాడు రెండవ భాషలో అసలు మరొక పద్యమే రాస్తాడు.

తొమ్మిదవ పాదం మీద నమ్మకం పెట్రార్క్ నుంచి వచ్చినది. పదునాలుగవ శతాబ్దపు ఆ ఇటాలియన్ కవి చేతిలో స్థిరపడిన రూపంలో మొదటి ఎనిమిది పాదాలు ఒక ఖండం, తరువాతి ఆరు మరొక ఖండం. మొదటి ఖండంలో రెండే అంత్యప్రాసలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. తొమ్మిదవ పాదంలో కొత్త ప్రాస రాగానే, ఇక్కడ ఏదో మారినదని చెవికి ముందే తెలిసిపోతుంది. పదహారవ శతాబ్దంలో వయట్, సర్రే అనే ఇద్దరు కవులు సానెట్‌ను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. సర్రే దానిని మూడు నాలుగుపాదాల ఖండాలుగా, చివర ఒక ద్విపాదిగా మార్చినాడు. ఇంగ్లీషులో ప్రాసపదాలు ఇటాలియన్‌లోవలె సమృద్ధిగా దొరకకపోవడం ఈ మార్పుకు ఒక కారణం. షేక్స్పియర్ స్వీకరించినది ఈ రూపాన్నే. 1609లో అచ్చయిన ఆయన సానెట్లు 154. ఆ ప్రతిలో నాలుగుపాదాల ఖండాల మధ్య ఖాళీ లేదు గాని, చివరి రెండు పాదాలను మాత్రం కొంచెం లోపలికి జరిపి అచ్చువేసినారు. అంటే ఇంగ్లీషు సానెట్ పుట చూసినప్పుడే కన్ను పదమూడవ పాదం మీదికి పోతుంది.

చెవి కూడా అక్కడికే పోతుంది. మొదటి పన్నెండు పాదాలలో ఒకటవ పాదం మూడవదానితోను, రెండవది నాలుగవదానితోను ప్రాస కలుపుకుంటూ ఉంటాయి. ప్రతి ప్రాసకూ ఒక పాదం ఎడం ఉంటుంది. పదమూడు, పదునాలుగు పాదాలు వచ్చేసరికి ఆ ఎడం లేదు. రెండు ప్రాసలూ పక్కపక్కనే మోగుతాయి. తలుపు వేసిన చప్పుడు వంటిది అది. కవి అక్కడ ఏమి చెప్పినా తీర్పు చెప్పినట్లే వినిపిస్తుంది. ఇంగ్లీషు సానెట్‌లోని ఇబ్బంది ఇక్కడే ఉన్నది. పెట్రార్క్ సంప్రదాయం తొమ్మిదవ పాదం దగ్గర మలుపును కోరుతుంది, ప్రాసల అమరిక పదమూడవ పాదం దగ్గర కోరుతుంది. కవి ఏ పద్యంలో దేనికి లొంగినాడో పద్యాన్ని చదివి తెలుసుకోవలసినదే తప్ప, రూపం చూసి చెప్పడానికి వీలులేదు.

షేక్స్పియర్ 29వ సానెట్ తొమ్మిదవ పాదానికి లొంగిన పద్యం. అదృష్టం కలిసిరాక, నలుగురిలో మర్యాద పోయి, ఒంటరిగా తన స్థితికి ఏడ్చే మనిషి మొదటి ఎనిమిది పాదాలలో మాట్లాడతాడు. ఒకరి విద్యను, మరొకరి స్నేహితులను చూసి అసూయపడతాడు. తొమ్మిదవ పాదం ‘అయినా’ అన్న అర్థం గల మాటతో మొదలవుతుంది. ప్రియమైన వ్యక్తి తలపునకు వచ్చినంతనే అతని మనసు తెల్లవారుజామున నేల విడిచి ఎగిరే భరతపక్షి వలె పైకి లేస్తుంది. మలుపు ఇదే, ఇందులో సందేహానికి తావు లేదు. మరి చివరి ద్విపాది చేసే పని ఏమిటి? అది ‘ఏలయనగా’ అన్న అర్థంతో మొదలై కారణం చెబుతుంది. ఆ ప్రేమ గుర్తుకు వస్తే తన స్థితిని రాజులతోనైనా మార్చుకోనని అంటాడు. దిశ కొత్తగా మారలేదు. కాని ఒక మాట మారినది. ‘స్థితి’ అన్న అర్థం గల ఇంగ్లీషు మాట ఈ పద్యంలో రెండవ పాదంలో ఒకసారి, పదవ పాదంలో ఒకసారి, పదునాలుగవ పాదంలో ఒకసారి వస్తుంది. మొదటిసారి అది వెలివేయబడినవాని దురవస్థ. చివరిసారి రాజుల పక్కన నిలబడేసరికి, అదే మాటలో దాగి ఉన్న రాజ్యం, రాజవైభవం అన్న అర్థాలు బయటపడతాయి. ఏడ్చినవాని ‘స్థితి’లోనే ఒక రాజ్యం ఉన్నదని వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది.

ఈ ఉదాహరణ వల్ల ఒక భేదం స్పష్టమవుతున్నది. మలుపు వేరు, పునర్దర్శనం వేరు. మలుపు పాఠకుని ముందుకు తిప్పుతుంది, ఇప్పటివరకు ఒక దారి, ఇకమీదట మరొక దారి. పునర్దర్శనం వెనక్కి తిప్పుతుంది, ఇప్పటివరకు చదివినదే మరొక అర్థంతో కనిపిస్తుంది. కొన్ని సానెట్లలో ఈ రెండూ వేరువేరు చోట్ల జరుగుతాయి, కొన్నింటిలో ఒకేచోట జరుగుతాయి. చివరి ద్విపాది గొప్పతనమంతా రెండవదానిలో ఉన్నది. దానికి 73వ సానెట్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

ఆ పద్యంలో వృద్ధాప్యం సమీపించిన ఒకడు తన ప్రియమైన వ్యక్తితో మాట్లాడుతున్నాడు. మూడు ఖండాలలో మూడు చిత్రాలు. మొదటిది ఆకురాలు కాలం. కొమ్మల మీద పసుపుపచ్చని ఆకులు ఉన్నాయి, లేదా అసలు లేవు, లేదా కొద్దిగా ఉన్నాయి. ఒకనాడు పక్షులు పాడిన ఆ కొమ్మలు ఇప్పుడు పాడుబడిన దేవాలయంలో గాయకులు నిలిచే వేదికలవలె ఉన్నాయి. రెండవది సంధ్య. సూర్యుడు అస్తమించిన తరువాత పడమట మిగిలిన వెలుగును రాత్రి కొంచెం కొంచెంగా తీసుకుపోతున్నది. మూడవది నిప్పు. తన యౌవనపు బూడిద మీదనే పడుకుని, ఏది తనను పోషించినదో దానితోనే అణగిపోతున్నది. ఈ మూడు చిత్రాలనూ కవి ఒకే వాక్యనిర్మాణంతో ప్రవేశపెడతాడు. ‘నాలో నీవు చూస్తావు’ అన్న అర్థం మొదటి పాదంలోను, ఐదవ పాదంలోను, తొమ్మిదవ పాదంలోను తిరిగి వస్తుంది.

ఇక్కడ ద్విపాదిని చేతితో మూసి, పన్నెండు పాదాల సారాన్ని ఒక వాక్యంలో రాసుకోవలెను. ‘నేను ముసలివాడనైనాను, నాకు చావు దగ్గరపడింది’ అని వస్తుంది. విషయం ‘నేను’. చూసేవాడైన ‘నీవు’ ఇంతవరకు ఒక సాక్షి మాత్రమే. తొమ్మిదవ పాదంలో ‘కాని’, ‘అయినా’ వంటి మాట ఏదీ లేదు. పైగా పాత వాక్యమే మూడవసారి మొదలవుతున్నది. అందువల్ల అక్కడ మలుపు లేదని తోస్తుంది. నిదానించి చూస్తే ఒక చిన్న వంపు కనిపిస్తుంది. ఆకురాలు కాలం పోయి వసంతం తిరిగి వస్తుంది. సంధ్య చీకటిలో కలిసినా తెల్లవారుతుంది. కట్టెలు కాలి అణగిన నిప్పు మాత్రం తిరిగి రాదు. మొదటి రెండు చిత్రాలు చక్రం వలె తిరిగేవి, మూడవది ఒక్కసారితో ముగిసేది. వ్యవధి కూడా కుదించుకుపోతున్నది. మొదట ఒక ఋతువు, తరువాత ఒక సంధ్యావేళ, చివరకు కొద్ది క్షణాలు మిణుకుమనే నిప్పు. వాక్యం మారకుండా కాలం మారిపోయింది. ద్విపాదికి కావలసిన తొందర ఇక్కడ పుట్టింది.

ఇప్పుడు చేతిని తీసి ద్విపాదిని చదవవలెను. నీవు దీనిని గ్రహిస్తున్నావు, అందువల్ల నీ ప్రేమ మరింత బలపడుతున్నది, త్వరలో విడిచిపెట్టవలసినదానిని గట్టిగా ప్రేమించడానికి: స్థూలంగా ఇదీ ఆ రెండు పాదాల భావం. చూడడానికి ఇది ఊరట మాట. కాని వ్యాకరణాన్ని పరీక్షిస్తే నాలుగు మార్పులు కనిపిస్తాయి. మొదటిది, ‘చూడడం’ పోయి ‘గ్రహించడం’ వచ్చింది. కంటి పని మనసు పని అయినది. రెండవది, పన్నెండు పాదాలలో మూడుసార్లు వినిపించిన ‘నాలో’ అన్న మాట మాయమైనది. ఆ ద్విపాదిలో ఉత్తమ పురుష ఎక్కడా లేదు. మూడవది, ప్రేమింపబడేది ‘నేను’ కాదు, ‘అది’. నపుంసక లింగంలోని ఆ సర్వనామం మాట్లాడే వ్యక్తిని సూచించవచ్చు. వినేవాని సొంత యౌవనాన్ని, సొంత ప్రాణాన్ని కూడా సూచించవచ్చు. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. చనిపోబోయేవాడు లోకాన్ని విడిచిపోతాడని చెప్పడం సహజం. ఇక్కడ విడిచిపెట్టేవాడు బతికి ఉండబోయే స్నేహితుడు.

ఈ నాలుగవ మార్పు వ్యాఖ్యాతలను కొంత ఇబ్బంది పెట్టినది. అక్కడ ‘కోల్పోవలసిన’ అన్న అర్థాన్నే తీసుకోవలెనని చెప్పినవారున్నారు. అది తప్పు కాదు, కాని కవి ‘కోల్పోవడం’ అనే తేలికైన మాటను వాడలేదన్నది మరువరాదు. కోల్పోయేవాడు నిస్సహాయుడు. విడిచిపెట్టేవాని పనిలో అతని పాత్ర ఉన్నది. ఆ క్రియ మూలంగా స్నేహితుడు సాక్షిగా మిగలలేదు, ఆ వియోగంలో కర్త అయినాడు. అతని సొంత కాలమే ‘అది’ అని అర్థం చేసుకుంటే, అతడు కూడా ఒకనాడు తన ఆకులను, తన వెలుగును, తన నిప్పును విడిచిపెట్టవలసినవాడే.

ఆ మెలకువతో మళ్లీ మొదటి పాదానికి పోయి చదివితే పన్నెండు పాదాలూ మారిపోయి ఉంటాయి. ‘నాలో నీవు చూస్తావు’ అన్న వాక్యంలో బరువు ఇంతకుముందు ‘నాలో’ అన్న మాట మీద ఉన్నది. ఇప్పుడది ‘నీవు చూస్తావు’ అన్నచోటికి జరిగింది. పద్యం వృద్ధాప్య వర్ణన కాదు, చూసేవానికి చూడడం నేర్పే పాఠం. ఆకుల సంగతి తీసుకుంటే, పసుపుపచ్చని ఆకులు, అసలు లేకపోవడం, కొద్దిగా ఉండడం అన్న ఆ వరస మొదట వింతగా తోస్తుంది. రాలే క్రమంలో చెప్పాలంటే ‘కొద్దిగా’ తరువాత ‘లేవు’ రావలెను. కాని ఒకడు పరికించి చూస్తూ, లేవనుకుని, మళ్లీ చూసి, లేదు, కొద్దిగా ఉన్నాయి అని సరిదిద్దుకుంటున్న చూపును ఆ వరస పట్టుకున్నది. ద్విపాది చదవనంతవరకు అది ఒక వింత, చదివిన తరువాత ప్రేమతో చూసే కన్ను చేసే పని. మూడవ ఖండంలో పోషించినదే అణచివేస్తుందన్న మాట కూడా అంతే. మొదట అది నిప్పుకు సంబంధించిన సత్యం. ద్విపాది తరువాత దానికి తిరగబడిన ప్రతిబింబం వంటి మరొక సత్యం కనిపిస్తుంది. అణగిపోవడమే ప్రేమను పోషిస్తున్నది.

మలుపును గుర్తించడానికి పనికివచ్చే పరీక్షలు ఈ చదువులోనే ఇమిడి ఉన్నాయి. ముందుగా ఖండానికొకటిగా కర్త, క్రియ, కాలం, సంబోధన రాసుకోవలెను. ‘కాని’ వంటి అవ్యయాల కోసం మాత్రమే వెతికితే 73వ సానెట్ వంటి పద్యంలో ఏమీ దొరకదు. తరువాత ద్విపాదిని మూసి పన్నెండు పాదాల సారాన్ని రాసుకుని, ద్విపాదిని చదివిన పిమ్మట, పన్నెండు పాదాలలో ఏ మాటకు అర్థం మారినదని అడగవలెను. మారిన మాటను వేలు పెట్టి చూపగలిగితే అది పునర్దర్శనం. చూపలేకపోతే ఆ ద్విపాది సారాంశమో, నీతివాక్యమో, లేక కారణకథనమో అయి ఉంటుంది. అటువంటి ద్విపాదులు షేక్స్పియర్‌లో లేకపోలేదు. ప్రతి ద్విపాదిలోను లోతు ఉండి తీరవలెనని పట్టుబట్టి అర్థాలు కల్పించడం, లోతును గమనించకపోవడమంత దోషమే.

ఈ విషయంలో ఆయన పుస్తకమే ఒక విచిత్రమైన పరీక్ష పెట్టినది. 36వ సానెట్‌కూ 96వ సానెట్‌కూ చివరి ద్విపాది ఒక్కటే, అక్షరాలా అదే మాటలు. అలా చేయవద్దు, నీవు నా వాడవు గనుక నీ మంచిపేరు నాదేనన్నంతగా నిన్ను ప్రేమిస్తున్నానని దాని సారాంశం. ముద్రణలో ఏదో పొరపాటు జరిగిందేమోనని కొందరు సంపాదకులు శంకించారు. పొరపాటైనా కాకపోయినా, ఆ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టి చదవడం ఉపయోగకరం. 36వ సానెట్‌లో మాట్లాడేవానికి ఏదో అపకీర్తి ఉన్నది. స్నేహితుడు తనను నలుగురిలో గౌరవిస్తే ఆ మచ్చ అతనికీ అంటుకుంటుంది. అందువల్ల అక్కడ ‘అలా చేయవద్దు’ అంటే నన్ను బాహాటంగా ఆదరించవద్దని అర్థం. 96వ సానెట్‌లో దోషం స్నేహితునిది. అతని ఆకర్షణ వల్ల తప్పులు కూడా అలంకారాలుగా చెల్లిపోతున్నాయి, తలచుకుంటే అతడు ఎందరినైనా పెడదారి పట్టించగలడు. అక్కడ ‘అలా చేయవద్దు’ అంటే ఆ శక్తిని వినియోగించవద్దని అర్థం. మొదటిదానిలో ద్విపాది త్యాగం, రెండవదానిలో మందలింపు. ద్విపాది పై పాదాలకు అర్థం ఇస్తుందన్నది ఎంత నిజమో, పై పాదాలు ద్విపాదికి అర్థం ఇస్తాయన్నది కూడా అంతే నిజమని దీనివల్ల తెలుస్తుంది. సుభాషితం వలె దానిని విడదీసి చదివేవారు పోగొట్టుకునేది ఇదే.

తెలుగు పాఠకునికి ఈ నిర్మాణం చూడగానే సీసపద్యం గుర్తుకురావడం సహజం. నాలుగు దీర్ఘపాదాలలో ఒకే తీరు వాక్యభాగాలు వరసగా సాగి, కింద తేటగీతి గాని ఆటవెలది గాని వచ్చి ముగించడం ఇంచుమించు ఇటువంటిదే. పోలిక సహాయపడుతుంది, కాని ఒకచోట దారి తప్పిస్తుంది. చాలా సీసాలలో పై పాదాలు వాక్యాన్ని అసంపూర్తిగా నిలిపి ఉంచుతాయి. కర్తయో క్రియయో గీతిలో దొరికినప్పుడు గాని అన్వయం కుదరదు. గీతి కోసం పాఠకుడు ఎదురుచూస్తూ ఉంటాడు. 73వ సానెట్‌లో పన్నెండవ పాదంతో వాక్యాలన్నీ పూర్తి అయిపోయినవి. పాఠకునికి కావలసినది ఏదీ మిగలలేదు. పూర్తి అయినదనుకున్న తరువాత వచ్చేది ఆ ద్విపాది. గీతి లోపాన్ని పూరిస్తుంది, ద్విపాది నిండినదానిని తిరగదోడుతుంది. సీసపు అలవాటుతో సానెట్‌ను తెలుగు చేసేవారు పన్నెండు పాదాలనూ అసంపూర్తి వాక్యాలుగా సాగదీస్తే, తరువాత వచ్చేది ఆశ్చర్యం కలిగించదు.

అంతకన్న పెద్ద చిక్కు తెలుగు వాక్యక్రమంలో ఉన్నది. 73వ సానెట్ ద్విపాదిలో మాటలు వచ్చే వరస గ్రహించడం, ప్రేమ బలపడడం, ప్రేమించడం, విడిచిపెట్టడం, త్వరలో. పద్యం వియోగం మీద ముగుస్తుంది, ఆ చివరి మాట మీదనే ప్రాస మోగుతుంది. తెలుగులో విశేషణ వాక్యం విశేష్యానికి ముందు రావలెను, క్రియ చివర రావలెను. సహజమైన వాక్యం రాస్తే ‘త్వరలో విడిచిపెట్టవలసినదానిని’ అన్నది ముందుకు వచ్చి, ‘ప్రేమిస్తావు’ అన్నది చివర నిలుస్తుంది. ఒక్క మాటనూ తప్పుగా అనువదించకుండానే పద్యం తలకిందులవుతుంది. మూలంలో ఊరట ముందు వచ్చి తరువాత గుండె కలుక్కుమంటుంది, తెలుగులో గుండె ముందు కలుక్కుమని తరువాత ఊరట వస్తుంది. ఇది చిన్న తేడా కాదు.

దీనికి ఉన్న ఉపాయం వాక్యాన్ని విరవడం. పదమూడవ పాదంలో ప్రేమ సంగతిని ఒక వాక్యంగా ముగించి, విడిచిపెట్టడాన్ని రెండవ పొట్టి వాక్యంలో సమాపక క్రియగా నిలపవలెను. మూలంలో ఆ రెండింటినీ కట్టిన ముడి కొంత సడలుతుంది, ఆ నష్టాన్ని ఒప్పుకోవలసినదే. ‘అది’ అన్న సర్వనామాన్ని ‘నన్ను’ అని మార్చకుండా ఉంచడం మరొక జాగ్రత్త. సహజంగా ఉంటుందని ‘నన్ను’ అంటే, స్నేహితుని సొంత యౌవనం పద్యం నుంచి వెళ్లిపోతుంది. తెలుగు అనువాదకునికి ఒక సౌకర్యం కూడా లేకపోలేదు. తెలుగు క్రియలో పురుష ప్రత్యయం ఉండడం వల్ల ‘నేను’, ‘నీవు’ అనే మాటలను ఉంచడమూ తీసివేయడమూ అతని చేతిలో ఉన్నది. మూడు ఖండాల మొదట ‘నాలో’ అన్న మాటను తప్పక ఉంచి, ద్విపాదిలో ఉత్తమ పురుషను పూర్తిగా తుడిచివేయగలిగితే, మాట్లాడేవాడు అప్పటికే సగం వెళ్లిపోయినాడని ఎవరూ చెప్పకుండానే పాఠకునికి తెలుస్తుంది.